అడుగున ముద్ద, పైన పలుకు: వెజ్ దమ్ బిర్యానీలో పొరలు ఎలా వేయాలి?

ప్రశ్న: అర కిలో బాస్మతితో వెజ్ దమ్ బిర్యానీ చేస్తున్నాను. బియ్యం అరగంట నానబెట్టి, ముప్పావు వంతు ఉడికాక వార్చి, కూరగాయల మీద రెండు పొరలుగా వేసి పాతిక నిమిషాలు దమ్ ఇస్తున్నాను. ప్రతిసారీ అడుగు అన్నం ముద్ద, పై అన్నం పలుకు. కలిపితే మెతుకులు విరిగిపోతున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు:

మీ కొలతల్లోనూ సమయాల్లోనూ పెద్ద తప్పేమీ లేదు. అన్నం మొత్తాన్ని ఒకేసారి వార్చడం మానేయండి. ఎసరు మరుగుతుండగానే చిల్లుల గరిటెతో మూడు విడతలుగా తీసి నేరుగా కూరగాయల మీద వేయండి. మొదటి విడత బాగా పలుకుగా ఉన్నప్పుడే తీయాలి, అది అడుగు పొర. మధ్య విడత ఇంకో నిమిషానికి. ఆఖరి విడత దాదాపు ఉడికిపోయాక తీయాలి, అది పై పొర. ఈ ఒక్క మార్పుతో మీ ఇబ్బందిలో సగానికి పైగా తీరుతుంది. మిగతాది కింద ఉన్న కూరగాయల తడిలో ఉంది, కొంచెం గిన్నె తెరిచే పద్ధతిలో ఉంది.

నేను పద్దెనిమిదేళ్లుగా చిన్న చిన్న ఫంక్షన్లకు వంటలు చేసి పంపుతున్నాను. వారాంతాల్లో ఎక్కువగా అడిగేది వెజ్ బిర్యానీయే. మొదటి రెండేళ్లు నాదీ మీ పరిస్థితే. అప్పట్లో నేనూ "ముప్పావు వంతు ఉడికాక వార్చాలి" అనే మాట పట్టుకుని, గిన్నె మొత్తానికి ఒకటే ముప్పావు వంతు సరిపోతుందని అనుకునేవాణ్ణి.

సరిపోదు. గిన్నెలో అడుగున ఉన్న అన్నం మరుగుతున్న గ్రేవీకి ఆనుకుని ఉంటుంది. దానికి వేడీ నీరూ రెండూ దండిగా అందుతాయి. పైన ఉన్న అన్నానికి దొరికేది ఆవిరి మాత్రమే. ఆ ఆవిరి కూడా కింది పొరలన్నీ దాటుకుని, మెతుకుల సందుల్లోంచి పైకి రావాలి. అంటే పై పొరకు దమ్ ఆలస్యంగా మొదలవుతుంది, తక్కువగా అందుతుంది. రెండింటినీ ఒకే స్థితిలో పెట్టి ఒకే సమయం ఉడికిస్తే ఒకటి ముద్దయి, రెండోది పలుకుగా మిగలడం ఖాయం. పైది ఉడకాలని సమయం పెంచితే అడుగుది ఇంకా పాడవుతుంది. అందుకే పై పొర ముందే ఎక్కువ ఉడికి గిన్నెలోకి వెళ్లాలి.

ఇక తడి లెక్క. ఒకసారి విసుగొచ్చి తూకం వేసి చూశాను. అర కిలో పాత బాస్మతి అరగంట నాని, నీరు ఓడ్చేసరికి దాదాపు 640 గ్రాములు తూగింది. మూడు విడతలూ తీసి కలిపి తూస్తే కిలోకు కాస్త పైన. దమ్ అయ్యాక పూర్తిగా ఉడికిన అన్నం 1,350 గ్రాముల దగ్గర ఆగింది. అంటే ఎసరులోంచి తీశాక కూడా ఆ అన్నం ఇంకో పావు లీటరు పైచిలుకు నీరు తాగింది. బియ్యం రకాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ సంగతి అర్థమైంది కదా. ఆ నీరు కూరగాయల మసాలాలోంచే రావాలి. అంతకన్నా తక్కువ ఉంటే పైన పలుకు, చాలా ఎక్కువ ఉంటే అడుగున జావ. మాంసం బిర్యానీ వండేవాళ్లకు ఈ లెక్క కొంత అలవాటుగా వచ్చేస్తుంది, ఎందుకంటే మాంసం వదిలే నీరు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది. కూరగాయలు అలా కాదు. కారెట్, బీన్స్ పెద్దగా నీరు వదలవు. టమాటా, పుట్టగొడుగులు గిన్నె నిండా వదులుతాయి. మీల్‌మేకర్ అయితే ఎదురు మీ గ్రేవీనే తాగేస్తుంది.

కాబట్టి కూరగాయలను పచ్చిగా పెరుగులో కలిపి అడుగున పరవకండి. ముందే ముప్పావు వంతు ఉడికించి, తడి ఎంత ఉందో కళ్లతో చూశాక అన్నం వేయండి. మీ అర కిలోకు నేనైతే ఇలా చేస్తాను.

రెండు కారెట్లు, రెండు మధ్యస్థం బంగాళాదుంపలు, గుప్పెడు బీన్స్, గుప్పెడు పచ్చి బఠాణీ, ఏడెనిమిది క్యాలీఫ్లవర్ పువ్వులు, అన్నీ కలిపి 600 గ్రాములు. ముక్కలు బొటనవేలి కొస అంత ఉండాలి, మరీ చిన్నవైతే దమ్‌లో చిదికిపోతాయి. మూడు ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి, సగం పక్కన పెట్టుకోవాలి. అదే నూనెలో రెండు చెంచాల నెయ్యి వేసి, అల్లం వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, కారం, మసాలా, కూరగాయలు, ఉప్పు వేసి మూత పెట్టి మగ్గించాలి. పావు కిలో పెరుగు చిలికి, మంట తగ్గించాక కలపాలి. పుదీనా, కొత్తిమీర సరేసరి. బంగాళాదుంపకు చాకు గుచ్చితే లోపలికి దిగాలి గానీ నడుమ కాస్త అడ్డుపడాలి. అక్కడ ఆపేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. అట్లకాడతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. కూర పక్కకు జరిగి అడుగు కనబడుతుంది. రెండు, మూడు అని లెక్కపెట్టేలోగా గ్రేవీ నెమ్మదిగా వచ్చి ఆ గీతను పూడిస్తే తడి సరిగ్గా ఉంది. గీయగానే పూడిపోతే నీరెక్కువ, మూత తీసి మంట పెంచి ఇగరనివ్వండి. గీత అలాగే నిలిచి పక్కన నూనె తేలుతుంటే నీరు తక్కువ, అన్నం ఉడుకుతున్న ఎసరులోంచి అర గ్లాసు తీసి పోయండి. ఆ ఎసరులో ఉప్పు ఉంటుంది కాబట్టి కూరలో ముందే ఉప్పు దిట్టంగా వేయకండి. ఈ పావు లీటరు నీరంతా గ్రేవీగా కంటికి కనబడాలని లేదు. కొంత ముక్కల లోపలినుంచి వస్తుంది, కొంత అన్నం ఒంటికి అంటుకుని వస్తుంది.

అన్నం సంగతికి వద్దాం. అర కిలో బియ్యానికి నాలుగు లీటర్ల ఎసరు, లీటరుకు ఒక టేబుల్ స్పూను ఉప్పు. ఎక్కువనిపిస్తుంది, కానీ చాలావరకు ఎసరులోనే మిగిలిపోతుంది. రుచి చూస్తే గట్టిగా ఉప్పగా ఉండాలి, లేకపోతే అన్నం చప్పగా వస్తుంది. షాజీరా, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, ఒక చెంచా నూనె, అర చెక్క నిమ్మరసం వేయండి. నిమ్మరసం వల్ల మెతుకు తెల్లగా, కాస్త గట్టిగా నిలుస్తుంది. నీరు ఎక్కువ ఎందుకంటే, నానిన బియ్యం పోయగానే ఎసరు మరుగు ఆగకూడదు. నీరు తక్కువైతే మరుగు పడిపోయి, మళ్లీ అందుకునేలోగా బియ్యం అడుగున చేరి ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు మనం గరిటె పెట్టి విడదీస్తాం, అక్కడే సగం విరుగుతాయి.

బియ్యం పోశాక ఒకే ఒక్కసారి, అడుగునుంచి పైకి, మెల్లగా తిప్పండి. మళ్లీ ముట్టుకోవద్దు. కళపెళా మరుగుతుంటే మెతుకులు వాటంతట అవే తిరుగుతాయి.

మళ్లీ మరుగు అందుకున్నప్పటినుంచి సమయం చూడండి. నేను కొనే పాత బాస్మతికి మొదటి విడత నాలుగు నిమిషాలకు, రెండోది అయిదుకు, మూడోది ఆరు నుంచి ఆరున్నరకు వస్తుంది. మీ బియ్యానికి ఇది మారుతుంది కాబట్టి గడియారాన్ని నమ్మకండి, వేలిని నమ్మండి. ఒక మెతుకును పళ్లెం మీద పెట్టి చూపుడువేలితో నొక్కండి. మొదటి విడతకు మెతుకు మూడు నాలుగు ముక్కలుగా తెగాలి, ముక్కల నడుమ సుద్దలాంటి తెల్లటి పలుకు స్పష్టంగా కనబడాలి, వేలికి గరుకుగా తగలాలి. రెండో విడతకు రెండు ముక్కలవుతుంది, తెల్లటి చుక్క ఆవగింజలో సగం ఉంటుంది. మూడో విడతకు మెతుకు తెగకుండా నలిగి పరుచుకుంటుంది, నడుమ చుక్క ఉందా లేదా అని వెతుక్కోవాలి. కొరికి చూస్తే తినేయవచ్చు అనిపిస్తుంది గానీ పంటికి ఇంకా కొంచెం బిగువు తగులుతుంది.

మొదటి విడతలో సగం అన్నం, మిగతా రెండు విడతల్లో చెరి పావు తీయండి. మొదటి రెండు విడతల గరిటెను గిన్నె అంచున ఒక్క క్షణం పట్టి నీరు కారనిచ్చి వేయాలి. చివరి విడతను అంతగా ఓడ్చవద్దు, ఆ కాస్త తడి పై పొరకు కావాలి. అన్నాన్ని కుప్పగా పోయకుండా గరిటెతో గిన్నె అంతటా జల్లినట్టు వేయండి, చదును చేయడానికి నొక్కకండి. నొక్కితే ఆవిరి దారి మూసుకుపోతుంది. చాలామంది పొరలు నీటుగా ఉండాలని గరిటె వెనక భాగంతో అద్దుతుంటారు. చూడడానికి బాగుంటుంది, పై అన్నం మాత్రం ఉడకదు. పొరల మధ్య వేయించిన ఉల్లిపాయలు, పుదీనా చల్లి, పైన కుంకుమపువ్వు కలిపిన పాలు నాలుగు చెంచాలు, నెయ్యి రెండు చెంచాలు చిలకరించండి.

కూరగాయల మసాలా ఈ పని జరుగుతున్నంతసేపూ సన్నని మంట మీద వేడిగానే ఉండాలి. చల్లారిన కూర మీద అన్నం వేస్తే, కూర మరిగి ఆవిరి పుట్టడానికే పది నిమిషాలు పోతాయి. మీ పాతిక నిమిషాల దమ్‌లో అసలు దమ్ ఎంతసేపు జరుగుతోందో ఒకసారి గమనించండి.

గిన్నె వెడల్పు కూడా చూసుకోవాలి. అన్నం మందం బెత్తెడు దాటకూడదు. సన్నగా లోతుగా ఉన్న గిన్నెలో జానెడు అన్నం పేరిస్తే ఏ లెక్కా పనిచేయదు. అర కిలోకు అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న అయిదు లీటర్ల గిన్నె హాయిగా సరిపోతుంది.

మూత చుట్టూ గోధుమపిండి ముద్ద పెట్టినా సరే, తడి గుడ్డ చుట్టి బరువు పెట్టినా సరే, ఆవిరి బయటికి పోకూడదు. మొదట అయిదు నిమిషాలు పెద్ద మంట. మూత మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే చుర్రుమని ఆరిపోవాలి, అప్పుడు లోపల ఆవిరి నిండినట్టు. వెంటనే కింద పాత పెనం పెట్టి మంట బాగా తగ్గించి పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. తరవాత పొయ్యి ఆర్పి, ఇంకో పదిహేను నిమిషాలు మూత తీయకుండా వదిలేయండి. ఇంట్లో అందరూ పళ్లేలు పట్టుకుని కూర్చున్నా సరే.

మీ మెతుకులు విరగడంలో పెద్ద పాత్ర ఈ చివరి పదిహేను నిమిషాలు ఆగకపోవడానిదే అని నా అనుమానం. పొయ్యి మీదినుంచి దించగానే మెతుకు ఉబ్బి మెత్తగా, పైన జిగురుగా ఉంటుంది. గరిటె తగిలితే తెగుతుంది, పక్క మెతుకుకు అతుక్కుంటుంది. కాస్త వేడి తగ్గేసరికి పైన ఉన్న తేమ లోపలికి లాగేసుకుని బిగుసుకుంటుంది. అప్పుడు అదే మెతుకు గరిటెను తట్టుకుంటుంది.

అప్పటికీ గిన్నెలో కలపకండి. బిర్యానీ కలిపే వంటకం కాదు, తవ్వి తీసే వంటకం. హైదరాబాద్‌లో పాత వంటవాళ్లు గరిటె కాకుండా సాసరు వాడడం చూసే ఉంటారు. సాసరు అంచును గిన్నె పక్కగా నిలువునా అడుగుదాకా దించి, కిందినుంచి పైకి ఒకేసారి ఎత్తి పళ్లెంలో ఒరిగించాలి. కూర, తెల్ల అన్నం, పసుపు అన్నం అన్నీ ఒక్క ఎత్తులో వస్తాయి, ఒరిగేటప్పుడు వాటంతట అవే కలుస్తాయి. గుండ్రటి గుంట గరిటె మాత్రం వద్దు.

పొయ్యి ఎక్కకముందే విరిగే బియ్యం కూడా ఉంటుంది. కడిగేటప్పుడు పప్పు కడిగినట్టు రుద్దకూడదు. నీళ్లు పోసి వేళ్లతో ఊరికే తిప్పి వంచాలి, మూడు నాలుగు సార్లు. నానాక గింజ గోటితో నొక్కితే పుటుక్కున తెగేంత పెళుసుగా ఉంటుంది కాబట్టి నానిన తరవాత చెయ్యి పెట్టి కలపకూడదు, చిల్లుల గిన్నెలో ఒంపి అలాగే వదిలేయాలి. అరగంట నానడం చాలు. బజారుకు వెళ్లి రెండు గంటలకు వస్తే గింజ ఇంకా పెళుసై తేలిగ్గా విరుగుతుంది. అసలు నానబెట్టకపోతే ఇంకో చిక్కు, పైన మెత్తబడి పగులుతుంది, లోపల పలుకు పోదు. సంచి మీద బియ్యం ఎప్పటిదో రాసి ఉంటే ఏడాది దాటినది తీసుకోండి. కొత్త బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా జిగురు తేలుతుంది.

నా చేతిలో పాడైన ఒక వంట చెబుతాను. ఒక గృహప్రవేశానికి రెండు కిలోల వెజ్ బిర్యానీ. ఆ ఇంటావిడ పుట్టగొడుగులు ఎక్కువ వేయమన్నారు, టమాటాలు కూడా కావాలన్నారు. సమయం తక్కువ ఉండి, నేను వాటిని ముందుగా మగ్గించకుండా పెరుగు, మసాలాలతో కలిపి పచ్చిగానే అడుగున పరిచి, పైన అన్నం వేసి దమ్ పెట్టాను. అన్నం విడతలు సరిగ్గానే తీశాను. అక్కడికి తీసుకెళ్లి సాసరు దించేసరికి అడుగునుంచి బుడుక్కుమని చప్పుడు వచ్చింది. పుట్టగొడుగులూ టమాటాలూ, వాటికి ఉప్పు తగిలి, లీటరుకు తక్కువ కాకుండా నీరు వదిలాయి. కింది రెండు వేళ్ల మందం అన్నం మసాలా వేసిన దద్దోజనంలా అయింది. పై రెండు పొరలు మాత్రం పొడిపొడిగా ఉన్నాయి. అందుకే గిన్నెను కదపకుండా పై అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లోకి తోడేసి, అడుగున ఉన్న ముక్కల్ని చిల్లుల గరిటెతో ఏరి పైన పేర్చి వడ్డించాం. అడుగుది అక్కడే వదిలేశాను. ఇరవై మందికి చేసింది పదిహేను మందికి వచ్చింది, ఆ రోజు డబ్బులు కూడా తగ్గించుకున్నాను. అప్పటినుంచి పుట్టగొడుగుల్ని విడిగా పెద్ద మంట మీద నీరంతా ఇగిరేదాకా వేయిస్తాను. టమాటా వేయాల్సి వస్తే పెరుగు సగానికి తగ్గిస్తాను. మీల్‌మేకర్ అయితే వేడినీళ్లలో నానబెట్టి పిండి, మసాలాలో పది నిమిషాలు ఉడకనిచ్చి, అది తాగగలిగినంత తాగేశాక గీత పరీక్ష చేస్తాను.

ఇదంతా చేసినా ఒక్కోసారి తేడా వస్తుంది. మూత తీసి పైనుంచి ఒక మెతుకు కొరికి చూడండి. పలుకుగా ఉంటే కలపకండి. మూడు నాలుగు చెంచాల వేడి పాలో నీళ్లో గిన్నె అంచుల వెంట చిలకరించి, అన్నం మీద తడి గుడ్డ కప్పి, మూత పెట్టి పెనం మీద ఇంకో ఏడు నిమిషాలు సన్నని మంట. అడుగున చెమ్మ ఎక్కువైందని అనుమానం వస్తే మూత తీసేసి పెనం మీదే మూడు నాలుగు నిమిషాలు ఉంచి ఆవిరి పోనివ్వండి, పదునెక్కుతుంది.

సోనామసూరితో ఇలా మూడు విడతలుగా చేయవచ్చా అని అడిగేవాళ్లుంటారు. చేయవచ్చు గానీ నేను చేయను. అది బాస్మతికన్నా పొట్టి గింజ, పలుకు నుంచి ముద్దకు ఒక్క నిమిషంలో చేరుకుంటుంది, విడతల మధ్య తేడా పట్టుకోవడం కష్టం. దానికి పులావే మేలు. ఇరవై నిమిషాలు నానబెట్టి, నీరు ఓడ్చి, నెయ్యిలో గింజ వేడెక్కేదాకా మాత్రమే తిప్పి, గ్లాసు పాత బియ్యానికి గ్లాసున్నర నుంచి గ్లాసుముప్పావు నీరు, కూరగాయలు తడివైతే ఇంకొంచెం తక్కువ. కుక్కర్‌లో ఒక్క కూత, తరవాత ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగాలి. బలవంతంగా ఆవిరి తీస్తే లోపల ఒక్కసారిగా పొంగి మెతుకులు చిట్లుతాయి.

ఈసారి చేసేటప్పుడు మిగతావేమీ మార్చకుండా, విడతలు, గీత పరీక్ష ఈ రెండే మార్చి చూడండి. అప్పటికీ పై పొర పలుకుగా ఉంటే మీ మూత అంచున చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడో ఒక చోట ఆవిరి సన్నగా కారుతూ ఉంటుంది.